ఏఐ గీసిన ఆవకాయ సీసా: బొమ్మ పెట్టేముందు ఏమేం సరిచూడాలి

మా పిన్ని తణుకులో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఆన్‌లైన్ ఆర్డర్ల పని నాది. ఒక వేసవిలో ఫొటోలు తీసే తీరిక లేక, ఏఐ టూల్‌తో ఆవకాయ సీసా బొమ్మ ఒకటి చేయించాను. గాజు సీసా, ఎర్రగా మెరిసే నూనె, పక్కన నిమ్మకాయ, చెక్క బల్ల, కిటికీలోంచి ఎండ. పది నిమిషాల్లో అయిపోయింది. చాలా బాగుందనుకుని పిన్నికి చూపించాను. ఆవిడ ఫోన్ దగ్గరికి తీసుకుని ఒక్క క్షణం చూసి అడిగింది: "ఏరా, ఆవకాయ మీద ఈ కరివేపాకు ఎక్కడిది? ఆవకాయకి పోపు ఎవరు పెడతారు?"

నేను ఆ బొమ్మను ఇరవై సార్లు చూసుంటాను. కరివేపాకు నాకు కనిపించలేదు. కనిపించలేదంటే కంటికి ఆనలేదని కాదు. మా ఆవకాయ ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు, కాబట్టి బొమ్మలోనూ అదే చూశాను. కొనేవాళ్లకి మా ఆవకాయ తెలియదు. వాళ్లకి తెలిసేది బొమ్మ ఒక్కటే. అందుకే ఏఐ బొమ్మను తనిఖీ చేసేటప్పుడు "బాగుందా?" అని అడిగితే లాభం లేదు. "ఈ బొమ్మ చూసినవాళ్లు పార్శిల్లో ఏం వస్తుందని అనుకుంటారు?" అని అడగాలి. కింద రాసిన పద్ధతి మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంటుంది. ఆవకాయ సీసానే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను.

ముందు సరుకు, తర్వాత బొమ్మ

బొమ్మ తెరవకముందే అసలు సరుకును బల్ల మీద పెట్టి ఒక కాగితం రాయండి. నేను దాన్ని నిజాల కాగితం అంటాను. గుర్తున్నది రాయకూడదు, చూసి, కొలిచి రాయాలి.

మా అరకిలో ఆవకాయ కాగితంలో ఇలా ఉంటుంది. దినుసులు: టెంకతో కొట్టిన పుల్లమామిడి ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె, మెంతులు. ఈ రకంలో వెల్లుల్లి లేదు, శనగలు లేవు, పోపు లేదు. సీసా: ప్లాస్టిక్‌ది, అంటే పెట్ జార్, గాజుది కాదు. ఎర్ర ప్లాస్టిక్ మూత, దాని కింద అల్యూమినియం రేకు సీల్. మూతతో కలిపి ఎత్తు 12 సెంటీమీటర్లు, బయటి వెడల్పు 8.6. లోపలి వెడల్పు 8, పచ్చడి నిండిన ఎత్తు సుమారు 9.5. పార్శిల్లో వచ్చేది ఒక్క సీసా. స్పూన్ రాదు, గిఫ్టు డబ్బా రాదు.

ఈ కాగితంలో అన్నిటికన్నా పనికొచ్చేవి "లేదు, రాదు" అనే మాటలు. ఏఐ టూల్ చేసే తప్పుల్లో ఎక్కువ భాగం లేనిది చేర్చడమే కాబట్టి, ఏవి లేవో ముందే రాసి పెట్టుకోకపోతే తర్వాత పట్టుకోవడం కష్టం. కాగితంతో పాటు సీసా మూత తీసి, ఏ ఫిల్టరూ లేకుండా పగటి వెలుగులో రెండు ఫొటోలు తీసి పెట్టుకోండి. ఒకటి పక్కనుంచి, ఒకటి పైనుంచి. రంగు విషయంలో వాదన వస్తే ఆ ఫొటోలే సాక్ష్యం.

బొమ్మలో ఉన్నవన్నీ రాయడం

ఇప్పుడు కాగితం పక్కన పెట్టేసి బొమ్మ తెరవండి. పోల్చవద్దు, తప్పులు వెతకవద్దు. కనిపించినవన్నీ వరుసగా రాయండి, అంతే. ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టి కుడి కింది మూల దాకా రండి. స్క్రీన్ మీద రెండింతలు పెద్దది చేసి, ముక్క ముక్కగా జరుపుకుంటూ చూడండి.

ఈ పని బొమ్మ చేసినవాళ్లు కాక ఇంకొకరు చేస్తే చాలా మంచిది. సరుకు గురించి తెలియనివాళ్లయితే ఇంకా మంచిది. మా ఇంట్లో ఇది ఇంటర్ చదివే మా చెల్లెలి పని. ఆ బొమ్మకు తను రాసిన జాబితా ఇది: గాజు సీసా, మూతకి ఇనప క్లిప్పు, మెడకి జనపనార తాడు, తాడుకి వేలాడే చిన్న చెక్క చెంచా, లోపల పసుపు రంగు మామిడి ముక్కలు, పైన కరివేపాకు, ఎండుమిర్చి, నల్లటి చిన్న గింజలు, సన్నగా పొడుగ్గా ఆకుపచ్చ గింజలు, పక్కన ఒలిచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఒక నిమ్మకాయ, గిన్నెలో ఇంకొంచెం పచ్చడి, లేబుల్ మీద తెలుగులా కనిపించే అక్షరాలు, ఆకుపచ్చ చుక్క, బంగారు రంగు ముద్ర, బల్ల మీద చల్లిన ఆవాలు.

మొత్తం పదహారు. తర్వాత నిజాల కాగితం తెచ్చి ఒక్కోదాని ఎదుట మూడింట్లో ఒక గుర్తు పెట్టాం. సరుకులో ఉంది, సరుకులో లేదు, అలంకారం. ఈ మూడో గుర్తు దగ్గర జాగ్రత్త. "అది అలంకారమేలే" అని మనం అనుకున్నంత మాత్రాన చాలదు, కొనేవాళ్లు కూడా అలాగే అనుకోవాలి. చెక్క బల్ల వస్తుందని ఎవరూ అనుకోరు. సీసా మెడకి కట్టిన చెంచా మాత్రం వస్తుందనే అనుకుంటారు. సరుకుని తాకుతూ ఉన్నది, సరుకు లోపల ఉన్నది, సరుకుకి కట్టి ఉన్నది, వీటిని ఎప్పుడూ అలంకారం కింద వదిలేయకూడదు. విడిగా, దూరంగా ఉన్నదైతే ఆలోచించవచ్చు. అది తినే దినుసైతే, దూరంగా ఉన్నా సరుకులో ఉన్నట్టే లెక్క. సీసా పక్కన వెల్లుల్లి రెబ్బలు పెడితే, చూసినవాళ్లు ఇది వెల్లుల్లి ఆవకాయ అనే అనుకుంటారు.

దినుసులు

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. ఇది తిండి. కొందరు నియమం కోసం కొన్ని తినరు, కొందరు ఒంటికి పడక తినరు.

ఏఐ టూల్‌కి తెలుగు ఆవకాయ విడిగా తెలిసినట్టు ఉండదు. "మామిడి పచ్చడి" అనగానే ఉత్తరాది ఆచార్ బొమ్మలు, హోటల్ బొమ్మలు, మ్యాగజైన్ వంటల బొమ్మలు అన్నీ కలిపి గీస్తుంది. ఆ సన్నటి ఆకుపచ్చ గింజలు సోంపు, నల్లటివి కలోంజీ. రెండూ ఉత్తరాది ఆచార్‌లో వేస్తారు, మా ఆవకాయలో ఉండవు. కరివేపాకు, ఎండుమిర్చి మన పోపు వంటల నుంచి వచ్చాయి. ముక్కలు పసుపుగా, మెత్తగా, చెక్కు తీసినట్టు ఉన్నాయి, అంటే అది పండు మామిడి. ఆవకాయ ముక్కకి పచ్చటి చెక్కు ఉంటుంది, ఒక వైపు గట్టి టెంక ఉంటుంది. ఆ బొమ్మలో ఒక్క ముక్కకీ టెంక లేదు. తెలుగువాళ్లు ఎవరైనా ఆవకాయలో ముందు చూసేది ఆ టెంకనే.

కాబట్టి దినుసుల తనిఖీలో ప్రశ్నలు రెండు వైపులా అడగాలి. లేనిది కనిపిస్తోందా, ఉన్నది కనిపించకుండా పోయిందా. మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండోది చాలామంది మర్చిపోతారు, ఎక్కువ నష్టం చేసేది మాత్రం అదే. మాకు వెల్లుల్లి ఆవకాయ వేరే రకం ఉంది. దానికోసం చేసిన బొమ్మలో వెల్లుల్లి ఎక్కడా కనిపించలేదు, అంతా నూనె, ముక్కలే. చూడడానికి మామూలు ఆవకాయలాగే ఉంది. అది అలాగే వెళ్లుంటే, వెల్లుల్లి తినని ఇంట్లో ఎవరో ఒకరు బొమ్మ చూసి ఆర్డర్ పెట్టేవారు. పేరులో వెల్లుల్లి అని ఉందిగా అనవచ్చు. ఫోన్‌లో వేలితో జరుపుకుంటూ పోయేవాళ్లు పేరు చివరిదాకా చదవరు.

పల్లీల సంగతి ఇంకా గట్టిగా చూడాలి. మా కరివేపాకు పొడిలో పల్లీలు వేస్తాం. ఏఐ గీసిన బొమ్మలో కరివేపాకు, మినప్పప్పు, ఎండుమిర్చి మాత్రమే వచ్చాయి. పల్లీలు పడనివాళ్లకి అది ప్రమాదం. మన దేశంలో 2020 నాటి ఆహార లేబులింగ్ నియమాల ప్రకారం ప్యాకెట్ మీద విడిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల్లో వేరుశనగ, గోధుమలాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, సోయా, జీడిపప్పు బాదం లాంటి గింజలు ఉన్నాయి. ఈ జాబితాలోది ఏదైనా మీ సరుకులో ఉంటే, దినుసులను చూపించే బొమ్మలో అది కూడా కనిపించి తీరాలని నా నియమం. దాన్ని చూపించడం కుదరకపోతే దినుసులు ఏవీ చూపించను, ప్యాకెట్ ఒక్కటే పెడతాను.

ఆకుకూరల పచ్చళ్లలో ఇంకో చిక్కు ఉంది. గోంగూర అని అడిగితే ఏఐ పాలకూర గీస్తుంది, లేకపోతే తోటకూర గీస్తుంది. గోంగూర ఆకు చేతి వేళ్లలా చీలి ఉంటుంది, అంచు రంపం పళ్లలా ఉంటుంది, ఎర్ర గోంగూరైతే కాడ ఎర్రగా ఉంటుంది. గుండ్రంగా, నున్నగా ఉన్న ఆకు కనిపిస్తే ఆ బొమ్మను బాగుచేసే ప్రయత్నం చేయకండి, తీసేయండి.

రంగు కూడా దినుసు కిందే లెక్క. ఆవకాయ కలిపిన మూడో రోజు నూనె పైకి తేలి, తిరగకలిపాక ఒక ముదురు ఎరుపు వస్తుంది. ఏఐ ఆ ఎరుపును వెలిగిపోయేలా చేస్తుంది, నూనెను నీళ్లలా పలచగా చూపిస్తుంది. పగటి వెలుగులో తీసిన ఫొటోను పక్కన పెట్టి చూడండి. తేడా మరీ ఎక్కువగా ఉంటే, కొనేవాళ్లు రంగు కలిపారనైనా అనుకుంటారు, లేదా సీసా వచ్చాక పాత సరుకు పంపారనైనా అనుకుంటారు.

లేని సదుపాయాలు

ఇది తొందరగా అయిపోతుంది, నిజాల కాగితం సరిగ్గా రాసుకుంటే. గాజు సీసా, ఇనప క్లిప్పు, జనపనార తాడు, చెంచా. మా సరుకులో నాలుగూ లేవు. గాజుకీ ప్లాస్టిక్‌కీ తేడా చిన్నదని అనుకోకండి. పచ్చడి గాజులో వస్తుందని మాత్రమే కొనేవాళ్లున్నారు.

గిన్నెలో పోసిన పచ్చడి ఇంకో రకం తప్పు. సీసా అంచుదాకా నిండి ఉంది, పక్కన గిన్నెలో కూడా పచ్చడి ఉంది. అది ఎక్కడిది? సీసాలోంచి తీసిందైతే సీసాలో మట్టం తగ్గాలి. తగ్గలేదంటే బొమ్మ చెప్పేది సీసా, దాని మీద ఇంకో గిన్నెడు. మూత మూసిన సీసా, పక్కన వడ్డించిన గిన్నె కూడా ఇదే తప్పు. గిన్నె తీసేయాలి, లేదా సీసా మూత తీసి ఉండాలి, మట్టం దిగి ఉండాలి.

పచ్చళ్లు కాక వేరే సరుకు అమ్మేవాళ్లకి ఒక మాట. స్టీలు క్యారియర్లు, డబ్బాలు, వంటింటి సామాన్ల బొమ్మల్లో కదిలే భాగాలను వేలు పెట్టి లెక్కపెట్టండి. క్లిప్పులు ఎన్ని, గిన్నెలు ఎన్ని, బటన్లు ఎన్ని. మూడు గిన్నెల క్యారియర్‌కి ఏఐ నాలుగో గిన్నె గీస్తే చూడగానే తెలియదు, లెక్కపెడితేనే తెలుస్తుంది.

కొలతలు: నిమ్మకాయతో లెక్క

బొమ్మలో సైజు తప్పిందో లేదో కంటితో చెప్పలేం. లెక్క వేయాలి. పెద్ద లెక్కేమీ కాదు.

ముందు సీసా పొడవు వెడల్పుల పొంతన. మా అసలు సీసా 12 ఎత్తు, 8.6 వెడల్పు. భాగిస్తే దాదాపు 1.4. ఇప్పుడు బొమ్మను కంప్యూటర్లో పెయింట్‌లో తెరిచి సెలక్ట్ పెట్టె గీస్తే, కింద వెడల్పు, ఎత్తు పిక్సెల్‌లలో కనిపిస్తాయి. కంప్యూటర్ లేకపోతే బొమ్మ ప్రింటు తీసి స్కేలుతో కొలవండి, పొంతన మారదు. కొలిచేటప్పుడు సీసా పక్క గీతనే కొలవాలి, మూత పక్క అంచు నుంచి అడుగు దాకా. మూత పైన కనిపించే గుండ్రాన్ని కలపకూడదు. పైనుంచి చూసినట్టు గీసిన బొమ్మలో ఆ గుండ్రం కూడా కలిస్తే ఎత్తు ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. పక్క గీత ఒక్కటే కొలిస్తే, కెమెరా పైకి వెళ్లేకొద్దీ అది మామూలుగా కురచ అవుతుంది గానీ పొడుగు కాదు. కాబట్టి బొమ్మలో పొంతన అసలు దానికన్నా తక్కువ వస్తే కోణం వల్ల కావచ్చు. బాగా ఎక్కువ వస్తే మాత్రం సీసా ఆకారమే తప్పు.

మా బొమ్మలో సీసా పక్క గీత 540 పిక్సెల్‌లు, వెడల్పు 330. భాగిస్తే 1.64. ఇక్కడే మొదటి అనుమానం.

తర్వాత అసలు సైజు. దీనికి పక్కన మనకి సైజు తెలిసిన వస్తువు ఒకటి కావాలి. బొమ్మలో నిమ్మకాయ ఉంది, సీసాని ఆనుకుని ఉంది. ఆనుకుని ఉండడం ముఖ్యం. బాగా ముందుకి ఉన్న వస్తువు పెద్దగా, వెనక ఉన్నది చిన్నగా కనిపిస్తుంది, వాటితో లెక్క వేస్తే తప్పుతుంది. ఆ నిమ్మకాయ అడ్డంగా 135 పిక్సెల్‌లు ఉంది. మన బజారు నిమ్మకాయను నాలుగున్నర సెంటీమీటర్లనుకుందాం. అంటే ఒక సెంటీమీటరుకి 30 పిక్సెల్‌లు. ఆ లెక్కన సీసా ఎత్తు 540ని 30తో భాగిస్తే 18 సెంటీమీటర్లు. వెడల్పు 11.

ఇప్పుడు అందులో ఎంత పడుతుందో చూద్దాం. సీసా మందం తీసేస్తే లోపలి వెడల్పు 10.4 అనుకుందాం, సగం 5.2. పచ్చడి నిండిన ఎత్తు 14.

```
3.14 × 5.2 × 5.2 × 14 = 1189 మి.లీ.
3.14 × 4.0 × 4.0 × 9.5 = 477 మి.లీ.
```

మొదటిది బొమ్మలో సీసా, రెండోది మా సీసా. అరకిలో ఆవకాయ, నూనె ముక్కల పాళ్లను బట్టి కాస్త అటూ ఇటూగా, అర లీటరు చోటు తీసుకుంటుంది. బొమ్మలోది లీటరు పైమాటే. అంటే లేబుల్ మీద 500 గ్రాములని ఉన్నా, కన్ను చూసేది కిలో పైన సరుకును. నిమ్మకాయ సైజు మనం తప్పుగా అనుకున్నామేమో అని నాలుగు సెంటీమీటర్ల చిన్న కాయతో మళ్లీ లెక్క వేశాను. అప్పుడూ సీసా ఎత్తు 16 వచ్చింది, 12 కాదు. ఇలా చిన్నా పెద్దా రెండు సైజులతో లెక్క వేసి, రెండింటికీ తప్పే వస్తే బొమ్మ తప్పని నమ్మకంగా చెప్పవచ్చు. ఒకదానికి సరిపోయి ఇంకోదానికి సరిపోకపోతే, కొలవడానికి ఇంకో వస్తువు చూసుకోవాలి.

చిన్న వస్తువులతో కూడా ఇలాగే. బల్ల మీద చల్లిన ఆవాలు ఒక్కోటి 18 పిక్సెల్‌లు ఉన్నాయి, అంటే 6 మిల్లీమీటర్లు. ఆవగింజ రెండు మిల్లీమీటర్లు దాటడం అరుదు. అది ఆవాలు కాదు, మిరియాల కన్నా పెద్దది. చూసేవాళ్లు అది ఏ గింజో తెలియక ఇంకేదో అనుకుంటారు. అలాగే సీసాలో ముక్క ఒకటి సీసా మూతి కన్నా వెడల్పుగా ఉంది. ఆ ముక్క లోపలికి ఎలా వెళ్లింది? వెళ్లదు. ఇలాంటివి చూడడానికి పిక్సెల్‌లు కూడా అక్కర్లేదు. లోపల ఉన్న ప్రతి వస్తువూ ఆ మూతిలోంచి పడుతుందా అని ఒక్కసారి అడిగితే చాలు.

చేయి పట్టుకున్నట్టు ఉన్న బొమ్మలంటే నాకు భయం. చేయి సైజు మనుషులను బట్టి మారుతుంది, ఏఐ కూడా చేతిని ఎటు కావాలంటే అటు సాగదీస్తుంది. అయినా కొనేవాళ్లు సైజును ఎక్కువగా నమ్మేది చేతినే. అలాంటి బొమ్మ కావాలంటే సీసాని నిజంగా చేత్తో పట్టుకుని ఫొటో తీయండి.

లేబుల్, గుర్తులు

ఇక్కడ నా సలహా ఒక్కటే: ఏఐ చేత లేబుల్ రాయించకండి. అది గీసే తెలుగు దూరం నుంచి తెలుగులా ఉంటుంది, దగ్గరికి వెళితే ఒత్తులు ఊడిపోయి, గుణింతాలు మారిపోయి ఉంటాయి. అంకెలు ఇంకా ప్రమాదం. 500 చివర ఇంకో సున్నా చేరితే బరువే మారిపోతుంది. లేబుల్ ఖాళీగా ఉన్న సీసా గీయించి, మీ అసలు లేబుల్ ఫైలును దాని మీద అతికించండి.

గుర్తులను ఒక్కోటి విడిగా చూడండి. శాకాహార గుర్తు అంటే ఆకుపచ్చ చతురస్రపు గీత లోపల నిండుగా ఉన్న ఆకుపచ్చ వృత్తం. మాంసాహారానిది గోధుమ రంగు చతురస్రంలో నిండుగా ఉన్న త్రిభుజం. ఏఐ గీసే చుక్కకి చాలాసార్లు చతురస్రం ఉండదు. రొయ్యల పచ్చడి సీసాకి ఆకుపచ్చ చుక్క పెట్టినా ఆశ్చర్యం లేదు, సీసాలంటే అలాగే ఉంటాయని దానికి అలవాటు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు 14 అంకెలు ఉండాలి, అవి మీ అంకెలే అయి ఉండాలి. మా బొమ్మలోని బంగారు ముద్ర లాంటిది, ఆర్గానిక్ అన్న మాట, గానుగ బొమ్మ, పతకం ఆకారం, ఇవన్నీ మాటల్లేకుండానే ఏదో ఒక నాణ్యత ఉందని చెబుతాయి. ఆ నాణ్యతకి కాగితం మీ దగ్గర లేకపోతే ముద్ర ఉండకూడదు.

కింద చిన్నగా "బొమ్మ ఊహాచిత్రం మాత్రమే" అని రాస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలను ఆపడానికి 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, తప్పు చెప్పి దాన్ని డిస్‌క్లెయిమర్‌తో సరిదిద్దకూడదని స్పష్టంగా ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, సరుకు ప్రకటనలో చూపినట్టు లేకపోతే అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోను అనడానికి వీల్లేదు. తిండి వస్తువుల విషయంలో 2006 ఆహార భద్రతా చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి పది లక్షల దాకా జరిమానా ఉంది. మాలాంటి చిన్న వ్యాపారికి ఈ మాటలు వింటేనే టెన్షన్ వస్తుంది. బొమ్మను సరిచూసుకోవడానికి పట్టేది మాత్రం అరగంట.

బాగుచేయాలా, పడేయాలా

ఒక తప్పు, అది కూడా మూలనో పక్కనో ఉంటే, ఆ భాగం ఒక్కటి ఎంచుకుని చెరిపించవచ్చు. వెల్లుల్లి రెబ్బలు అలా తీసేయవచ్చు. సీసా లోపలి దినుసులు తప్పితే, సీసా ఆకారం తప్పితే, బాగుచేయడం మొదలుపెట్టకండి. ఒకటి సరిచేస్తే ఇంకోటి మారుతుంది.

ఈ మారడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, నేను దెబ్బతిన్నది ఇక్కడే. కరివేపాకు తీసేయమని టూల్‌కి చెప్పాను. తీసేసింది. నేను కరివేపాకు ఉన్న చోటు చూసి, లేదని నిర్ధారించుకుని సంతోషపడ్డాను. మర్నాడు మా చెల్లి కనిపెట్టింది, మూత రంగు మారింది, నిమ్మకాయలు రెండయ్యాయి. కొన్ని టూల్స్ చెప్పిన చోటు మాత్రమే మార్చవు, మొత్తం బొమ్మను మళ్లీ గీసి ఇస్తాయి. అందుకే ప్రతి మార్పు తర్వాత పాత బొమ్మకీ కొత్తదానికీ తేడా చూడాలి. కంప్యూటర్లో ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంటే ఒక్క లైను చాలు:

```
magick compare -fuzz 5% pata.png kotta.png teda.png
```

రెండు బొమ్మలూ ఒకే సైజులో ఉండాలి. మూడో ఫైలులో మారిన చోట్లన్నీ ఎర్రగా కనిపిస్తాయి. `-fuzz 5%` అన్నది కంటికి ఆనని చిన్న రంగు తేడాలను వదిలేయడానికి. మీరు మార్చమన్న చోటే ఎరుపు ఉంటే సరే. బొమ్మంతా ఎర్రగా ఉంటే అది కొత్త బొమ్మ కింద లెక్క, జాబితా రాయడం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఫోన్ మాత్రమే ఉంటే గ్యాలరీలో రెండూ పక్కపక్కనే ఉంచుకుని, వేలితో అటూ ఇటూ వేగంగా జరపండి. కదిలినట్టు అనిపించిన చోటే మారింది.

ఆ బొమ్మను చివరికి పడేశాను. ఇప్పుడు చేసేది వేరు. సీసాని తెల్ల కాగితం ముందు పెట్టి నిజంగా ఫొటో తీస్తాను. ఏఐ చేత గీయించేది వెనకాల బల్ల, గోడ, వెలుగు మాత్రమే. సీసా నిజం కాబట్టి దినుసులు, మూత, లేబుల్ అన్నీ నిజమే, తనిఖీ చేయాల్సింది వెనక భాగాన్నే. అక్కడ మాత్రం సైజు లెక్క మళ్లీ వేయాలి. సీసాని అతికించేటప్పుడు కొంచెం పెద్దది చేయాలని చేతికి అనిపిస్తుంది, పక్కన గీసిన గ్లాసు, పళ్లెంతో పోలిస్తే అప్పుడు అది కిలో సీసా అయిపోతుంది.

పెట్టే ముందు రోజు, పెట్టిన తర్వాత

అన్నీ సరిచూశాక బొమ్మను ఫోన్‌లో చిన్న చతురస్రంగా చూడండి. షాపింగ్ యాప్‌లు బొమ్మ అంచులు కత్తిరిస్తాయి. కింద రాసిన బరువు కత్తిరించుకుపోయి, సీసా ఒక్కటే మిగిలితే ఎలా కనిపిస్తుందో చూడాలి. తర్వాత బొమ్మను సరుకు తెలియని ఒకరికి ఐదు సెకన్లు చూపించి, ఫోన్ తిప్పేసి అడగండి: "ఇది ఆర్డర్ పెడితే ఇంటికి ఏమేం వస్తాయి? ఎంత వస్తుంది? అందులో ఏం వేశారు?" మేం కింది వాటాలో ఉండే అత్తయ్యగారిని అడుగుతాం. ఆవిడ ఒకసారి "కిలో ఉంటుంది, స్పూన్ కూడా ఇస్తారు కదమ్మా" అన్నారు. అప్పటికి మేం అంతా సరిగ్గా ఉందనుకున్నాం. వెనక బల్ల మీద ఏఐ గీసిన స్పూన్ సీసాకి మరీ దగ్గరగా ఉండడం వల్ల అలా అనిపించింది. ఆ బొమ్మ కూడా పెట్టలేదు.

ఒప్పుకున్న బొమ్మ ఫైలు, నిజాల కాగితం, మా చెల్లి రాసిన జాబితా, తేదీ, అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెడతాను. కాగితంలో ఒక్క లైను మారినా దానికి సంబంధించిన బొమ్మలన్నీ ఆ రోజే యాప్ నుంచి తీసేస్తాం. తర్వాతి వేసవిలో ఎర్ర మూతలు దొరక్క తెల్లవి తెచ్చాం. పిన్ని మొదటి సీసాకి మూత బిగిస్తూనే వంటింట్లోంచి కేకేసింది: "ముందు ఆ పాత బొమ్మ తీసెయ్యరా!"